పంచవటి ఘట్టానికి నాలుగు తోలుబొమ్మలు: పని డైరీ

నవంబర్ మొదటి వారం

శ్రీరామనవమికి మా నాగర్‌కర్నూల్ వీధిలో పంచవటి ఘట్టం ఆడాలని అనుకున్నాం. శూర్పణఖ రావడం, రాముణ్ని అడగడం, ఆయన లక్ష్మణుడి దగ్గరికి పంపడం, ముక్కు కోయడం, అంతవరకే. నాలుగు బొమ్మలు కావాలి: రాముడు, లక్ష్మణుడు, అందగత్తె వేషంలో వచ్చే శూర్పణఖ, అసలు రూపంలో ఉన్న శూర్పణఖ. సీతమ్మకు ఈ ముక్కలో మాటలు లేవు కాబట్టి ఆమెను తర్వాతి ఘట్టానికి ఉంచాం.

మా వైపు తోలుబొమ్మలు కట్టే ఇళ్లు నాకు తెలిసినంతలో లేవు. నేను పని నేర్చుకున్నది నిమ్మలకుంటలో, ధర్మవరం దగ్గర. పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు అది. అక్కడ నాకు ఉలి పట్టడం నేర్పిన పెద్దాయనకు ఇప్పటికీ ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటాను. అయితే ఆటకు పాట మాత్రం మన దగ్గరి నుంచే తీసుకున్నాం. తోలుబొమ్మల వాళ్లు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డిది. గోన వారి వర్ధమానపురమే ఇప్పటి మన వడ్డెమాన్. బిజినేపల్లి మండలంలో ఉంది, మాకు పక్కనే. ద్విపద కాబట్టి రెండేసి పాదాలుగా పాడుకోవచ్చు, బొమ్మ కదలికకు చక్కగా సరిపోతుంది.

నిమ్మలకుంట బొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి. మా తెర చిన్నది కాబట్టి రెండున్నర అడుగుల బొమ్మలు చాలు. ఈ కొలతలో ఒక మేకతోలులో ఒక బొమ్మ సులువుగా వస్తుంది. పెద్ద కొలతలో కూడా మామూలు పాత్రకు ఒక తోలే చాలు. రావణుడికి మాత్రం ఒంటికొకటి, కాళ్లకొకటి, మిగతావి చేతుల వరుసలకు అని కనీసం నాలుగు తోళ్లు పడతాయి. అందుకే మొదటి ప్రయత్నానికి రావణుడి జోలికి పోలేదు.

నవంబర్ మూడో వారం

తోళ్లు వచ్చాయి. పాత రోజుల్లో దేవుళ్లకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది కుదరదు, ఇప్పుడు అన్నిటికీ మేకతోలే. మటన్ కొట్టు అన్నకు ముందే చెప్పి ఉంచాను, ఒలిచేటప్పుడు కత్తి గాటు పడకూడదని. తోలు పచ్చిగా ఉన్నప్పుడు ఆ గాటు కనిపించదు. బిగించి ఆరబెట్టినప్పుడు అది నోరు తెరుచుకుంటుంది.

ఈ తోలును చెప్పుల తోలులా పదును చేయకూడదు. తంగేడు చెక్కలో ఊరేస్తే తోలు మెత్తబడుతుంది కానీ వెలుగు దూరదు. మనకు కావలసింది వెలుగు దూరే పచ్చి తోలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లోపలి వైపు కొవ్వూ పొరా తీసేసి, చెక్కకు మేకులతో నలువైపులా లాగి కట్టి ఆరబెడతాం. నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత వేడే ఉండాలి. అంతకంటే కాగితే తోలు ముడుచుకుపోయి మళ్లీ చాపుకోదు.

ఆరాక బల్బు ముందు పట్టుకుని చూడాలి. పగటి వెలుతురులో అంతా ఒకేలా కనిపిస్తుంది, బల్బు ముందు నిజం బయటపడుతుంది. ముదురు గోధుమరంగు మచ్చలా కనిపించిన చోట కొవ్వు మిగిలిందని అర్థం. అక్కడ రంగు పట్టదు, పట్టినా అంచులు చెదురుతాయి. మెడ దగ్గరా, వెన్ను పొడుగునా తోలు మందంగా ఉంటుంది. పొట్ట వైపు పలచగా, సాగే గుణంతో ఉంటుంది.

వెన్నుగీతను ఏం చేయాలన్నదే ఈ వారం ఆలోచన. ఎంత గీకినా మధ్యలో ఒక నల్లటి చార ఉండనే ఉంటుంది. బొమ్మ నడుమ గుండా నిలువుగా చీల్చిన వెదురుకర్ర ఎలాగూ వస్తుంది, దాని నీడ కూడా నల్లటి చారే. కాబట్టి తోలు వెన్నుగీత మీదే బొమ్మ వెన్ను పడేలా పటం పెట్టాను. ముఖానికి మాత్రం వెన్నుకు పక్కగా, మరీ పలచనా మరీ మందమూ కాని చోటు ఏరుకున్నాను. అక్కడే కన్నూ ముక్కూ రావాలి.

డిసెంబర్ మొదటి వారం

పటాలు గీయడం మొదలైంది. రాముడికీ లక్ష్మణుడికీ ఒకటే పటం. ఇది తేలిక కోసం చేసిన పని కాదు, సంప్రదాయంలో వాళ్లిద్దరూ ఒకే కోవ. పక్కకు తిరిగిన ముఖం, పొడుగైన చేపకన్ను, నిటారు ముక్కు, సన్నని నడుము. ఎదురుగా తిరిగిన ఛాతీ, పక్కకు తిరిగిన పాదాలు.

అసలు శూర్పణఖది ఇంకో కోవ. గుండ్రటి కన్ను, రెప్పకు బయటికి ఉబికిన గుడ్డు, మందమైన కనుబొమ్మ, కోర, ముందుకు వచ్చిన పొట్ట, చెదిరిన జుట్టు. ఇది గీస్తుంటే చేయి దానంతటదే సాగింది. రాక్షసుల దగ్గర గీత వంకర పోయినా బొమ్మకు అందమే వస్తుంది. రాముడి ముక్కు ఒక నూలుపోగంత వంకర పోతే మనిషే మారిపోతాడు.

అడవిలో ఉన్నాడు కదా, రాముడికి జటలు వేయాలా కిరీటం పెట్టాలా అని పెద్దాయనను అడిగాను. "కిరీటం తీసేస్తే ఎనక కూచున్నోళ్లకు రాముడని ఎవరు చెప్తారమ్మా? ముని అనుకుంటారు" అన్నారు. నాకూ అదే సరైనదనిపించింది. తెర మీద కథలో జరిగింది చూపడం కంటే ముందు, వచ్చినవాడు ఎవడో తెలియాలి. కిరీటం పెట్టాను.

డిసెంబర్ చివరి వారం

ఉలి పని. ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

బయటివాళ్లు తోలుబొమ్మను చూసి నగలు రంగుతో వేస్తారనుకుంటారు. నగ అంటే ఇక్కడ రంధ్రం. హారంలో ముత్యం ఒక గుండ్రటి చిల్లు, కిరీటంలో ఆకు ఒక కామా ఆకారపు చిల్లు, చీర అంచు సన్నటి గాట్ల వరుస. దీపం వెలుగు రంగులో నుంచి వచ్చినప్పుడు మసకబారుతుంది, చిల్లులో నుంచి ఏ అడ్డూ లేకుండా వస్తుంది. అందుకే నగ మెరుస్తుంది. ఒంటి మీద ఎన్ని చిల్లులుంటే పాత్రకు అంత హోదా.

కమ్మరి దగ్గర చేయించుకున్న ఉలులు మూడే వాడుతున్నాను: గుండ్రటిది, వంకీది, తిన్ననిది. కింద చింతమొద్దు, కోసిన మొహం పైకి ఉండేలా. మెత్తటి చెక్క అయితే ఉలి దిగినప్పుడు తోలు లోపలికి కుంగి, చిల్లు అంచు వెనక వైపు చిరుగుతుంది. చిల్లుకూ చిల్లుకూ మధ్య కనీసం చిల్లంత తోలు వదలాలి. హారంలో ముత్యాలు దగ్గరగా పడితే అందంగానే ఉంటుంది కానీ, బొమ్మ నాలుగుసార్లు ఊగగానే ఆ వరుస తపాలా బిళ్ల అంచులా తెగి వస్తుంది.

చిల్లు ఎంత చిన్నదైతే అంత నాజూకు అనుకోవడం కూడా పొరపాటు. బొమ్మ తెరకు అతుక్కుని ఉన్నప్పుడు ఎంత చిన్న చిల్లైనా స్పష్టంగా కనిపిస్తుంది. వేలెడు దూరం జరిగిందా, చిన్న చిల్లులన్నీ కలిసి ఒక మసక మచ్చ అవుతాయి. దీపం ఒకచోటి నుంచి రావాలి. ట్యూబ్‌లైట్ పెట్టి చూశాం, నగలన్నీ అలికినట్టు అయ్యాయి. ఒక్క బల్బు పెడితే ముత్యం ముత్యంగా విడిపోయింది.

నగకు ఇంకో పని కూడా ఉంది. భుజం, మోచెయ్యి, మణికట్టు, నడుము దగ్గర తోలు మీద తోలు వస్తుంది, అక్కడ దారం ముడివేసి కీలు చేస్తాం. రెండు పొరలు ఉన్నచోట వెలుగు తగ్గి నల్లటి బిళ్లలా కనిపిస్తుంది. సరిగ్గా ఆ చోట్లనే భుజకీర్తి, దండకడియం, కంకణం, వడ్డాణం వస్తాయి. మధ్యలో కీలు నల్లగా ఉండి చుట్టూ ముత్యాల చిల్లులు వెలుగుతుంటే చూసేవాళ్లకు రాయి పొదిగిన నగలాగే ఉంటుంది. రాముడి మోచేతి దగ్గర ఇది చేసి బల్బు ముందు పెట్టినప్పుడు, దాన్ని అక్కడ మొదట పెట్టిన చేయి ఎవరిదో గానీ వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

అసలు శూర్పణఖకు చిల్లులు తక్కువ, పెద్దవి. మెడలో ఒక వరుస, చెవులకు బరువైన దుద్దులు, అంతే. ఒంట్లో ఎక్కువ భాగం తోలు మూసుకునే ఉంటుంది.

జనవరి, పండగ తర్వాత

ఇంకా రంగు వేయలేదు. వేసేముందు ఒక పరీక్ష పెట్టాం. కోత మాత్రమే అయిన నాలుగు బొమ్మలను ఒక్కొక్కటిగా తెర మీద పెట్టి, ఏ కథో చెప్పకుండా వీధి పిల్లలనూ ఇంట్లో పెద్దవాళ్లనూ ఎవరో గుర్తుపట్టమన్నాను.

అసలు శూర్పణఖను చూడగానే అందరూ రాక్షసి అన్నారు. పేరు చెప్పలేకపోయినా జాతి పట్టేశారు. రాముణ్ని పెట్టగానే రాముడు అన్నారు. తర్వాత లక్ష్మణుణ్ని పెడితే మళ్లీ రాముడే అన్నారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఒక పిల్లాడు "ఇద్దరు రాములున్నరు" అన్నాడు. ఆ మాటతో నాకు రంగు పనేమిటో తెలిసింది. ఆకారం చూసి ఏ కోవ మనిషో తెలుస్తుంది, నగ చూసి ఏ హోదానో తెలుస్తుంది. ఒకే కోవ, ఒకే హోదా ఉన్న ఇద్దరు అన్నదమ్ములను వేరు చేయాలంటే మాత్రం రంగే దిక్కు.

మాయా శూర్పణఖ దగ్గర పేచీ వచ్చింది. ఆమెకు రాముడి కోవకు చెందిన నాజూకు ఒళ్లు, పొడుగు జడ, సన్నటి చిల్లుల నగలు పెట్టి, కన్ను మాత్రం గుండ్రంగా కోశాను. వేషం వెనక రాక్షసి ఉందని చూసేవాళ్లకు ముందే తెలియాలని నా ఉద్దేశం. మా అత్తమ్మ తెర మీద చూసి, "పిల్ల మంచిగనే ఉంది గానీ ఆ కండ్లేందమ్మా, రాక్షసి లెక్క" అన్నది. ఆమె తప్పేం చెప్పలేదు. ఒళ్లంతా రాకుమారి అయినా, కన్ను గుండ్రంగా ఉంటే ఇంకేం లెక్కలోకి రాదు. అప్పుడిక మాయ ఎక్కడిది?

పెద్దాయనకు ఫోటో పంపాను. "కన్ను పేరు లాంటిదమ్మా, అందగత్తె ఒంటికి రాక్షసి కన్ను పెట్టకూడదు. మారువేషమని పాట చెప్పనే చెప్తుంది గదా" అన్నారు. కన్ను చేపకన్నుగా మార్చాలంటే తలను మళ్లీ కోయాలి. తల విడిగా కట్టే బొమ్మ కాబట్టి ఒళ్లు దక్కింది. మామూలు పాత్రలకు తలా ఒళ్లూ ఒకటే తోలు. నాట్యకత్తెకూ హాస్యపు బొమ్మలకూ తలను విడిగా కట్టి మెడ ఆడేలా చేస్తారు. మాయా శూర్పణఖ రాముడి ముందు మెడ తిప్పాలని ఆ పద్ధతే ఎంచుకున్నాను.

అయినా నాకు ఒకటి తేలాల్సి ఉంది. తెర వెనక మేం ఒక బొమ్మ తీసి ఇంకో బొమ్మ పెడతాం. ఈ ఇద్దరూ ఒకటేనని కంటికి ఏదో ఒకటి చెప్పాలి, పాట వినని పిల్లలకు కూడా. అందుకని ఇద్దరికీ ఒకటే నగ పెట్టాను, ముక్కుకు బులాకీ. ముక్కు కింద వేలాడే నగ కాబట్టి పక్కకు తిరిగిన ముఖంలో బాగా కనిపిస్తుంది. మాయా శూర్పణఖకు ఒళ్లంతా సన్న చిల్లులున్నా బులాకీ మాత్రం మూడు పెద్ద చిల్లులు. అసలు శూర్పణఖకు అదే బులాకీ, అదే కొలత, అవే మూడు చిల్లులు. ఇది నిమ్మలకుంటలో నేర్చుకున్నది కాదు, నా సొంత ఆలోచన. రెండు బొమ్మలనూ వెంటవెంటనే తెర మీద పెట్టి చూపిస్తే, మొన్న ఇద్దరు రాములన్న పిల్లాడే "అదే ముక్కుపుల్ల" అన్నాడు. నాకు అది చాలు.

ఫిబ్రవరి రెండో వారం

రంగులు. డబ్బాలో నుంచి తీసిన రంగును నమ్మకూడదు, తెర అవతల నుంచి కనిపించేదే రంగు. పోస్టర్ కలర్ తోలు మీద ఎంత ఎర్రగా ఉన్నా బల్బు ముందు నల్లటి మచ్చే, ఎందుకంటే అది వెలుగును ఆపేస్తుంది. తోలులోకి ఇంకే సిరా రంగులే వాడాలి. వాటిని రెండు వైపులా పూయాలి. ఒకవైపే పూస్తే వెలుగులో వెలిసిపోయినట్టు ఉంటుంది.

తెలుపుకు రంగే లేదు. తెల్ల రంగు పూస్తే అదీ నల్లగానే కనిపిస్తుంది. కంటి తెలుపు, పళ్లు, కోర, ఇవన్నీ తోలును అలాగే వదిలేయడం వల్లో కోసేయడం వల్లో రావాలి. అసలు శూర్పణఖ కోరను పూర్తిగా కోసేశాను. ముఖమంతా ముదురుగా ఉండి కోర ఒక్కటే తెల్లగా వెలిగితే భయం పుట్టింది.

రాముడి నీలం ఇబ్బంది పెట్టింది. పచ్చి తోలుకు సహజంగా తేనెరంగు ఉంటుంది. ఎంత మంచి నీలం పూసినా వెలుగు ఆ పసుపులో నుంచే వస్తుంది కాబట్టి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఛాతీ దగ్గర తోలును ఇంకొంచెం పలచగా గీకి, నీలం పలచగా పలుమార్లు పూసి, పసుపచ్చ బల్బు తీసి తెల్లటి ఎల్ఈడీ బల్బు పెడితే చాలావరకు తగ్గింది. ఇంకా ఒక ఛాయ మిగిలే ఉంది. దాన్ని వదిలేశాను. లక్ష్మణుడికి పసుపు. తోలు రంగూ ఆ రంగూ ఒకటే దారిలో ఉంటాయి కాబట్టి ఒక్క పూతతో బంగారంలా వచ్చింది. ఇద్దరినీ పక్కపక్కన పెడితే ఇప్పుడు ఎవరూ తికమకపడటం లేదు. పటం ఒకటేనన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

మాయా శూర్పణఖకు ఒళ్లు లేత పసుపు, చీర ఎరుపు. అసలు శూర్పణఖకు ఒళ్లు ముదురు ఎరుపు మీద నలుపు గీతలు. ఎరుపు చీరలో ఉన్నప్పుడు అందం, ఒంటి మీదికి వచ్చేసరికి కోపం. రెండో బొమ్మ వచ్చినప్పుడు చీర రంగు ఒళ్లంతా పాకినట్టు ఉండాలని అలా చేశాను.

మార్చి మొదటి వారం

మిగిలింది ముక్కు. అసలు శూర్పణఖ ముక్కు కొసనూ బులాకీనీ కలిపి విడి ముక్కగా కోశాను. లక్ష్మణుడి కత్తి దాటగానే వెనక నుంచి దారం లాగితే అది ఊడి తెర మీద జారి పడాలి. మొదట విడి ముక్కను ముఖం మీద కొంచెం ఎక్కించి కట్టాను. రెండు పొరలైన చోట నల్లటి గీత కనిపించి, కోయకముందే ముక్కు తెగినట్టు ఉంది. ముక్కు దగ్గర ఆ గీతను దాచడానికి కడియమూ లేదు, కంకణమూ లేదు. అందుకని అతుకును ముక్కుపుటం నల్ల గీత మీదికి మార్చి, ఆ గీతను ఒక పిసరు మందం చేశాను. ఇప్పుడు అతుకు గీతలో కలిసిపోయింది. దారం మాత్రం నల్లది కాక తోలు రంగు నైలాన్ వాడాం, నల్లదారం తెర మీద వెంట్రుకలా కనిపిస్తోంది.

ముక్కు ఊడాక బులాకీ కూడా ముఖం మీద ఉండదు. రెండు బొమ్మలనూ కలిపిన గుర్తు పోతుంది. శూర్పణఖ ఇక రావణుడి దగ్గరికి ఆ ముఖంతోనే వెళ్తుంది కాబట్టి కథకు అది సరిపోతుంది.

కదలకుండా నిలబడాల్సిన బొమ్మలను ఈతముళ్లతో తెరకు గుచ్చుతున్నాం. శూర్పణఖ లక్ష్మణుడి వైపు తిరిగినప్పుడు రాముణ్ని అలాగే గుచ్చి వదిలేస్తే, ఆడించేవాళ్లకు చేయి ఖాళీ అవుతుంది. గుండుసూదులు పెట్టి చూశాం, బొమ్మ బరువుకు వంగిపోయాయి. ఈతముల్లు వంగదు, తెర గుడ్డకు పెద్ద చిల్లూ పడదు.

మార్చి, నవమికి ముందు

మొన్న అకాల వర్షం పడింది. తెల్లారేసరికి లక్ష్మణుడి కాళ్లు దొన్నెల్లా వంకరపోయాయి. పదును చేయని తోలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, పలచటి పొట్టతోలు మరీ. కాళ్లను ఆ భాగంలోనే కోశాం. చదును పలకల మధ్య బరువు పెట్టి ఉంచితే తిన్నగా అయ్యాయి. బొమ్మ వంగితే తెరకు ఆనదు, ఆనకపోతే రంగూ రాదు నగా రాదు. కాబట్టి నాలుగింటినీ వేలాడదీయడం మానేసి, మధ్యలో పాత నూలుచీర పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి పెట్టెలో పెట్టాం. బొద్దింకలకూ ఎలుకలకూ ఇది తిండే కాబట్టి వేపాకు కూడా వేశాం.

తర్వాత చేయాల్సింది మారీచుడు. బంగారు లేడి ఒక బొమ్మ, బాణం తగిలాక రాక్షసుడు ఇంకో బొమ్మ. లేడికి ముక్కుపుల్ల పెట్టలేం కాబట్టి, ఒంటి మీది చుక్కలనే రెండింటికీ ఉమ్మడి గుర్తుగా వాడదామని చూస్తున్నాను. రాక్షసుడి ఛాతీ మీద లేడి చుక్కల చిల్లులు అదే వరుసలో వస్తే పిల్లలు పట్టేస్తారేమో. పటం గీశాను, తోలు నానబెట్టాలి.